ఆ 15,000 రూపాయలు ఎవరిని తెచ్చాయి?

నెలకు 15,000 రూపాయలు ప్రచారానికి పెట్టే చిన్న షాపు యజమానిని ‘ఇందులో ఏది పనిచేసింది?’ అని అడిగి చూడండి. ‘పేపర్లో పెట్టించిన పాంప్లెట్లే అనుకుంటా’ అంటారు, లేదా ‘ఈమధ్య అంతా ఫేస్‌బుక్కే కదండీ’ అంటారు. ఆ ‘అనుకుంటా’ ఖరీదు ఏడాదికి 1,80,000 రూపాయలు. ఎవరు ఎందుకు వచ్చారో తేల్చుకోవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్లేమీ అక్కర్లేదు. ఆర్డరు చీటీలో రెండు గడులు, ఇంట్లో మూలపడిన ఒకట్రెండు పాత కీప్యాడ్ ఫోన్లు, నాలుగైదు నెలల ఓపిక ఉంటే చాలు.

తెనాలి బోసు రోడ్డులో ఒక కళ్లద్దాల షాపు ఉందనుకుందాం. షాపు ఊహే. అంకెలు కూడా లెక్క అర్థం కావడానికి పెట్టుకున్నవే. రేట్లు ఊరిని బట్టి, సీజన్ని బట్టి మారతాయి కాబట్టి ఈ అంకెల చోట మీవి వేసుకోండి.

బడ్జెట్‌ని బిల్లుల్లో కొలవాలి

‘అమ్మకాల్లో 5 శాతం ప్రచారానికి’ అనే సూత్రం చాలామంది చెబుతారు. చిన్న షాపుకు అది పెద్దగా పనికిరాదు. అమ్మకం ఎంతన్నది వేరు, అందులో చేతికి మిగిలేది వేరు.

మన షాపులో నెలకు 125 బిల్లులు. ఒక్కో బిల్లు సగటున 2,400 రూపాయలు, అంటే మొత్తం 3,00,000. ఫ్రేము, లెన్సు, ఫిట్టింగు ఖర్చు 1,300 పోతే బిల్లుకు 1,100 మిగులుతుంది. నెలకు 1,37,500. అద్దె 22,000, ఇద్దరి జీతాలు 38,000, కరెంటు, ఫోను, చిల్లర ఖర్చులు 12,000, యజమాని ఇంటి ఖర్చుకు తీసుకునేది 40,000. ఇవన్నీ పోగా మిగిలేది 25,500. ప్రచారానికి 15,000 పెడితే చేతిలో ఉండేది 10,500 మాత్రమే.

ఇప్పుడు ఆ 15,000ను 1,100తో భాగించండి. 13.6 వస్తుంది. అంటే ప్రచారం వల్ల నెలకు కనీసం 14 బిల్లులు అదనంగా పడితేనే ఆ ఖర్చు తిరిగొచ్చినట్టు. ఇక్కడ ‘అదనంగా’ అన్న మాటే ముఖ్యం. ప్రచారం లేకపోయినా వచ్చేవాళ్లను ఈ 14లో కలపకూడదు.

ఇంకో హద్దు కూడా ముందే గీసుకోవాలి. ఒక అదనపు బిల్లు తేవడానికి 1,100 దాటితే చేతి నష్టం. ఆ 1,100లో సగమైనా మనకు మిగలాలనుకుంటే 550 దగ్గర ఆగాలి. ఈసారి వచ్చినవాళ్లు మళ్లీ పవర్ మారినప్పుడు వస్తారు కదా అనిపిస్తుంది. నిజమే కానీ, రెండేళ్ల తర్వాత రాబోయే డబ్బును ఈ నెల లెక్కలో వేసుకుంటే ఏ ప్రచారమైనా లాభంగానే కనిపిస్తుంది.

మొదటి నెల ఖర్చు ఇలా పెట్టారు. నాలుగు పేటలకు దినపత్రికల్లో పెట్టించిన 4,000 పాంప్లెట్లకు అచ్చు కాపీకి 1.10, పేపరు ఏజెంటుకు 40 పైసలు చొప్పున 6,000. మైకు ఆటో రెండు రోజులకు 3,000. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు 4,000. కేబుల్ టీవీలో స్క్రోలింగుకు 2,000. ఫేస్‌బుక్‌కు కట్టే 4,000లో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుందన్నది మరవకండి. అసలు ప్రకటనకు పోయేది 3,390, మిగతా 610 పన్ను. కాంపొజిషన్ స్కీములో ఉన్న షాపుకు ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగిరాదు కాబట్టి లెక్కలో పూర్తి 4,000 వేసుకోవాలి.

అడగడంలో ఉన్న తిరకాసు

‘మా షాపు గురించి ఎలా తెలిసిందండీ?’ అని అందరూ అడుగుతారు. ఎప్పుడు అడుగుతున్నామన్నదే జవాబును మార్చేస్తుంది. డబ్బు కట్టేటప్పుడు అడిగితే కస్టమరు మనసు డిస్కౌంటు మీద ఉంటుంది. ‘పాంప్లెట్ చూసి వచ్చాం, ఏమైనా తగ్గిస్తారా?’ అంటారు. పవర్ చూసి, ఆర్డరు చీటీ మీద పేరు, ఫోను నంబరు, ఏరియా రాసుకునేటప్పుడు అడగాలి. అప్పుడు వాళ్లు ఎలాగూ వివరాలు చెబుతూనే ఉంటారు.

రెండు ప్రశ్నలు చాలు. ‘షాపు సంగతి మొదట ఎక్కడ తెలిసింది?’, ‘ఇవాళ రావడానికి ఏది గుర్తుచేసింది?’ జవాబు వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. ‘ఫేస్‌బుక్‌లో చూశారా?’ అని మనమే అందిస్తే మొహమాటానికి ‘ఆఁ’ అనేస్తారు.

మొదటి నెల 131 బిల్లులు పడ్డాయి. అందులో 70 పాత కస్టమర్లవి, 61 కొత్తవాళ్లవి. కొత్తవాళ్లు చెప్పినదాని ప్రకారం బోర్డు చూసి వచ్చినవాళ్లు 21 మంది, తెలిసినవాళ్లు చెబితే వచ్చినవాళ్లు 17, గూగుల్ మ్యాప్స్‌లో వెతికి వచ్చినవాళ్లు 8, పాంప్లెట్ 9, ఫేస్‌బుక్ 4, మైకు ఆటో 1, కేబుల్ టీవీ 1.

ఈ జాబితాలో బోర్డుకు రావాల్సినదానికన్నా ఎక్కువ పేరు వస్తుంది. ఆదివారం పాంప్లెట్ చూసి, బుధవారం బజారుకొచ్చి, బోర్డు చూసి లోపలికి వచ్చిన మనిషి ‘బోర్డు చూశా’ అనే చెబుతాడు. అతను అబద్ధం చెప్పడం లేదు, చివర చూసింది చెబుతున్నాడంతే. అందుకే అడగడంతో పాటు ప్రతి ప్రచారానికీ ఒక గుర్తు కూడా పెట్టాలి.

ప్రతిదానికీ ఒక గుర్తు

కూపన్ల మీద రహస్య సంకేతం అచ్చువేసి, ఏ ప్రకటన ఎన్ని ఉత్తరాలు తెచ్చిందో లెక్కపెట్టే పద్ధతి పాతదే. అమెరికన్ ప్రకటనల రచయిత క్లాడ్ హాప్కిన్స్ 1923లో ‘సైంటిఫిక్ అడ్వర్టైజింగ్’ పుస్తకంలో దీన్నే గట్టిగా సమర్థించాడు. మన షాపులో అదే పని ఇలా జరుగుతుంది.

పాంప్లెట్ మూల చిన్న అక్షరాల్లో పేట గుర్తు అచ్చువేయించాలి. చెంచుపేటకు ‘చె’, మారీసుపేటకు ‘మా’, ఐతానగర్‌కు ‘ఐ’, నాజరుపేటకు ‘నా’. ‘ఈ కాగితం తెస్తే లెన్సు క్లీనర్ ఉచితం’ అని చిన్న ఆశ పెడితే కాగితం వెనక్కి వస్తుంది. వచ్చిన కాగితాన్ని ఆర్డరు చీటీకి పిన్ను కొట్టేయాలి. మిగిలిన పాంప్లెట్ల కట్ట మాత్రం కౌంటరు మీద ఉంచకూడదు. బేరం తెగకపోతే కుర్రాడు అందులోంచి ఒకటి తీసి కస్టమరు చేతిలో పెట్టి ‘ఇదిగో, దీని మీద ఇచ్చేస్తాం’ అంటాడు. ఆ కాగితం కూడా లెక్కలోకి చేరిపోతుంది, పాంప్లెట్లకు రాని పేరు వస్తుంది.

మైకు ఆటోలో చెప్పే నంబరు ఒకటి, కేబుల్ స్క్రోలింగులో వేసే నంబరు ఇంకొకటి ఉండాలి. రెండు సిమ్ములు, రెండు పాత ఫోన్లు. మిస్డ్ కాల్ వచ్చినా చాలు, ఏ ప్రచారం నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. పాంప్లెట్ మీద క్యూఆర్ వేయించేవాళ్లు ఒక్కో పేటకు ఒక్కో వాట్సాప్ లింకు తయారుచేసుకోవచ్చు.

```
https://wa.me/91XXXXXXXXXX?text=CHE
https://wa.me/91XXXXXXXXXX?text=MA
```

91 తర్వాత మీ పది అంకెల నంబరు వేయాలి. స్కాన్ చేసినవాళ్ల వాట్సాప్‌లో ఆ అక్షరాలు ముందే టైపై ఉంటాయి, వాళ్లు పంపితే మనకు పేట తెలుస్తుంది. ఫేస్‌బుక్ ప్రకటనలో వాట్సాప్ బటన్ పెట్టి, అందులోనూ ఇలాగే ముందే రాసిన మెసేజ్ ఉంచవచ్చు.

గుర్తులు పెట్టాక మొదటి నెల బొమ్మ కొంచెం మారింది. పిన్ను కొట్టిన పాంప్లెట్లు 12. నోటిమాటలో 9 మందే చెప్పారు, మిగతా ముగ్గురు కాగితం చేతిలో పెట్టుకుని కూడా ‘బోర్డు చూశాం’ అన్నారు. ఫేస్‌బుక్ నుంచి వాట్సాప్‌కు 46 మెసేజ్‌లు వచ్చాయి, కొన్నవాళ్లు ఏడుగురు. ఆటో నంబరుకు 5 మిస్డ్ కాల్స్, 2 బిల్లులు. కేబుల్ నంబరు ఒక్కసారీ మోగలేదు.

ఫేస్‌బుక్ రిపోర్టులో మాత్రం ‘ఒక్కో మెసేజ్‌కు 74 రూపాయలు’ అని కనిపిస్తుంది. పన్ను కలపని 3,390ని 46తో భాగిస్తే వచ్చే అంకె అది. అది చూసి మురిసిపోవద్దు. ‘రేటెంత?’ అని అడిగి మాయమైనవాళ్లూ అందులోనే ఉన్నారు. ప్రకటనకు గీసిన వృత్తంలో నివసించేవాళ్లకే కాక, ఈమధ్య అటు వచ్చివెళ్లినవాళ్లకు కూడా అది కనిపిస్తుంది. తెనాలి లాంటి రైల్వే జంక్షన్‌లో అలాంటివాళ్లు తక్కువేమీ ఉండరు. కొన్నవాళ్ల లెక్కన చూస్తే ఖర్చు 4,000 బై 7, అంటే ఒక్కొక్కరికి 571 రూపాయలు.

వచ్చినవాడు ఎలాగూ వచ్చేవాడేమో

ఆ ఏడుగురి ఫోను నంబర్లను పాత ఆర్డరు చీటీల్లో వెతికితే ముగ్గురివి దొరికాయి. వాళ్లు పాత కస్టమర్లే. షాపు వాళ్లకు తెలుసు. ఫేస్‌బుక్‌లో కనిపించింది కాబట్టి ఫోన్ చేసే బదులు బటన్ నొక్కారు. వాళ్లను తీసేస్తే మిగిలేది నలుగురు, ఒక్కొక్కరికి 1,000 రూపాయలు. 1,100 మార్జిన్‌లో మిగిలేది వంద.

ఈ పొరపాటు పెద్ద కంపెనీలకూ తప్పలేదు. 2012లో ఈబే కంపెనీ ఒక ప్రయోగం చేసింది. ‘ఈబే’ అని టైప్ చేసి వెతికేవాళ్లకు చూపించే ప్రకటనలను యాహూ, ఎంఎస్ఎన్‌లలో ఆపేసి, గూగుల్‌లో కొనసాగించింది. ఆపిన చోట పోవాల్సిన క్లిక్కుల్లో 99.5 శాతం పక్కనే ఉన్న ఉచిత ఫలితాల మీదుగా ఈబేకే వచ్చాయి. థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టడెలిస్ ఈ ఫలితాలను 2015లో ‘ఎకానొమెట్రికా’ పత్రికలో ప్రచురించారు. ఈబేకే రాబోతున్నవాళ్ల కోసం ఈబే డబ్బు కట్టిందన్నమాట.

గుర్తు పెట్టడం వల్ల తెలిసేది ఒక్కటే: ఈ మనిషి ఈ దారిలో వచ్చాడని. ఆ దారి లేకపోతే అతను వచ్చేవాడా కాదా అన్నది గుర్తు చెప్పదు. అది తెలియాలంటే ఆ ప్రచారాన్ని కొన్నిచోట్ల ఆపి చూడాలి.

సగం ఊళ్లో పంచి, సగం ఊళ్లో ఆపితే

‘ఈ నెల పంచాం, వచ్చే నెల ఆపి చూద్దాం’ అంటే సరిపోదు. జూన్‌లో బడులు తెరిచినప్పుడు పిల్లల కళ్లద్దాల గిరాకీ ఎలాగూ పెరుగుతుంది. ఆ పెరుగుదల పాంప్లెట్ ఖాతాలో పడిపోతుంది. అందుకని ఒకే నెలలో రెండు పేటల్లో పంచి, మరో రెండు పేటల్లో ఆపాలి. మరుసటి నెల తారుమారు చేయాలి. సీజను ప్రభావం రెండు వైపులా సమానంగా పడుతుంది.

చెంచుపేట, ఐతానగర్ ఒక జత. మారీసుపేట, నాజరుపేట ఇంకో జత. నెలకు 2,000 పాంప్లెట్లు, ఖర్చు 3,000. ఇప్పుడు లెక్కపెట్టేది కూపన్లను కాదు. కాగితం తెచ్చినా తేకపోయినా, పాతవాళ్లైనా కొత్తవాళ్లైనా, ఆ పేటల నుంచి పడిన బిల్లులన్నీ లెక్కపెట్టాలి. ఆర్డరు చీటీలో ఏరియా రాయడం తప్పనిసరి అన్నది ఇందుకే.

| నెల | పంచిన జతలో బిల్లులు | ఆపిన జతలో బిల్లులు |
|---|---|---|
| రెండు | 44 | 31 |
| మూడు | 42 | 33 |
| మొత్తం | 86 | 64 |

తేడా 22 బిల్లులు. సంబరపడే ముందు ఇది యాదృచ్ఛికంగా వచ్చిందేమో చూడాలి. దానికో సులువైన లెక్క ఉంది. రెండు అంకెలూ కలపండి: 150. వర్గమూలం తీయండి: సుమారు 12.2. రెట్టింపు చేయండి: 24.5. తేడా దీన్ని దాటితేనే కొంత ధీమాగా నమ్మవచ్చు. మన తేడా 22. దాటలేదు. ‘పాంప్లెట్లు పనిచేస్తున్నట్టుంది’ అనవచ్చు గానీ ‘తేలిపోయింది’ అనలేం.

అందుకే మరో రెండు నెలలు అదే పద్ధతి. ఈసారి పంచిన చోట 85, ఆపిన చోట 69. నాలుగు నెలలూ కలిపితే 171, 133. తేడా 38. మొత్తం 304కు వర్గమూలం 17.4, రెట్టింపు చేస్తే 35. ఇప్పుడు దాటింది. ఖర్చు 12,000, అదనంగా పడినవి 38 బిల్లులు. ఒక్కో అదనపు బిల్లుకు 316 రూపాయలు. మన హద్దు 550 కన్నా బాగా తక్కువ.

ఈ నాలుగు నెలల్లో పిన్ను కొట్టిన కూపన్లు 23 మాత్రమే. కూపన్లనే నమ్ముకుని ఉంటే ఖర్చు 522గా కనిపించేది, ‘అంతంత మాత్రమే’ అని పక్కన పెట్టేవాళ్లం. భర్త చదివి భార్యకు చెబుతాడు, కాగితం మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. కూపన్ పాంప్లెట్ బలాన్ని తక్కువ చేసి చూపింది. వాట్సాప్ బటన్ ఫేస్‌బుక్ బలాన్ని ఎక్కువ చేసి చూపింది. గుర్తు ఒక్కదాన్నే నమ్మితే రెండు వైపులా మోసపోతాం.

ఈ పరీక్ష చెడిపోయే చోట్లు రెండున్నాయి. మొదటిది పంపిణీ. కట్టలు విప్పకుండానే మిగిలిపోతే పంచిన పేట కూడా ఆపిన పేటే అవుతుంది. ఒక్కో పేటలో తెలిసిన నాలుగైదు ఇళ్లకు ఆ ఉదయమే ఫోన్ చేసి ‘పేపర్లో మా కాగితం వచ్చిందా?’ అని అడగాలి. పండగ ముందు రోజుల్లో పేపరు నిండా పాంప్లెట్లే ఉంటాయి కాబట్టి ఆ రోజులు వదిలేయడం మేలు. రెండోది గడువు. ఆఫర్ నెలన్నర ఉంటే, మొదటి నెల పంచిన పేటవాళ్లు ఆపిన నెలలో వస్తారు, తేడా ఉన్నదానికన్నా తగ్గి కనిపిస్తుంది. 15 రోజుల గడువు పెట్టి, తేదీని అచ్చులో వేయించకుండా రబ్బరు స్టాంపుతో వేసుకుంటే ఒకేసారి అచ్చువేయించిన కాగితాలు రెండు నెలలకూ పనికొస్తాయి.

తేల్చలేనివి కొన్ని

అన్నింటినీ ఇలా ఆపి చూడలేం. కేబుల్ స్క్రోలింగ్ ఊరంతటికీ ఒకేసారి కనిపిస్తుంది. ఒక పేటలో వేసి మరో పేటలో ఆపడం కుదరదు. ఒక నెల పూర్తిగా ఆపి చూద్దామా? దాని 2,000 తిరిగిరావడానికి నెలకు 2 బిల్లులు చాలు. కానీ నెలకు 125 బిల్లులు పడే షాపులో ఏ కారణమూ లేకుండానే ఒక నెలకూ మరో నెలకూ 20, 30 బిల్లుల తేడా రావచ్చు. అంత ఊగిసలాటలో 2 బిల్లులు కనిపించవు. ఇలాంటి చోట పరీక్ష పెట్టామని మనల్ని మనం మభ్యపెట్టుకోకూడదు. ఉన్న ఆధారాలు మోగని ఫోను, కేబుల్ పేరు చెప్పిన ఒక్క కస్టమరు మాత్రమే. వాటిని బట్టి ఆపేయడమే సబబు.

మైకు ఆటోకు 3 బిల్లులు రావాలి, 2 వచ్చాయి. మామూలు రోజుల్లో ‘మా షాపుకు రండి’ అని తిరిగే ఆటోను జనం పట్టించుకోరు. ఉచిత కంటి పరీక్ష శిబిరం ఫలానా ఆదివారం అని చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం అది పనికొస్తుంది, ఎందుకంటే వినేవాళ్లకు ఒక తేదీ దొరుకుతుంది. మైకుకు ముందుగా అనుమతి తీసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకు వాడకూడదు.

గూగుల్ మ్యాప్స్ నుంచి వచ్చిన 8 మందికి పైసా ఖర్చు కాలేదు. బడ్జెట్‌లో దానికి గడి ఉండదు కాబట్టి పని కూడా జరగదు. నెలకోసారి షాపు వేళలు, ఫోను నంబరు, సెలవులు సరిగా ఉన్నాయో లేదో చూసి, ఎంతమంది కాల్ చేశారో, ఎంతమంది దారి అడిగారో ఆ ఖాతాలోనే చూసి రాసుకోవాలి.

ఆరో నెల బడ్జెట్

మొత్తం అదే 15,000. పాంప్లెట్లకు 9,000. కానీ అవే ఇళ్లకు రెట్టింపు పంచడం వల్ల రెట్టింపు బిల్లులు రావు. అందుకని పాత పేటలకు 6,000 ఉంచి, మిగతా 3,000తో కొలకలూరు, దుగ్గిరాల వైపు 2,000 కాపీలు కొత్త గుర్తుతో పంపారు. ఫేస్‌బుక్‌ను 2,000కు తగ్గించారు. ఇకమీదట కొన్న ప్రతి ఒక్కరి నంబరునూ పాత చీటీలతో సరిచూశాకే లెక్కలో వేస్తారు. శిబిరం ఉన్న నెల కోసం ఒక రోజు ఆటోకు 1,500 పక్కన పెట్టారు. కేబుల్‌కు సున్నా. మిగిలిన 2,500 ఇంతవరకు ప్రయత్నించని ఏదో ఒక దారికి, అదీ గుర్తు పెట్టాకే.

ఈ వాటాలు మీ షాపుకు సరిపోవాలని లేదు. టిఫిన్ సెంటర్‌కు బిల్లుకు మిగిలేది పాతిక రూపాయలే ఉండొచ్చు, అక్కడ 316 పెట్టి కస్టమర్ని తెస్తే షాపు మూతపడుతుంది. ట్యూషన్ సెంటర్‌కు ఒక్క విద్యార్థి చేరితే ఏడాది ఫీజు వస్తుంది, అక్కడ ఆటో కూడా లాభసాటి కావచ్చు. మారనిది లెక్క వేసే వరస. ముందు బిల్లుకు ఎంత మిగులుతుందో, తర్వాత ఎన్ని అదనపు బిల్లులు కావాలో, ఆ తర్వాత ప్రతి దారికీ గుర్తు, చివరగా సగంలో ఆపి చూడటం. వచ్చే నెల పాంప్లెట్లు అచ్చుకు ఇచ్చేముందు మీ ఆర్డరు పుస్తకంలో ‘ఏరియా’, ‘ఎలా తెలిసింది’ అనే రెండు గడులు గీయించండి. అవి లేకుండా పెట్టిన ఖర్చు ఫలితం తర్వాత ఎంత వెతికినా దొరకదు.